ప్రసూతి సెలవు జీతం ఎలా లెక్కగట్టాలి: భాగించాల్సింది ఎన్ని రోజులతో, గుణించాల్సింది ఎన్ని రోజులతో

ప్రసూతి సెలవు డబ్బు తక్కువ వచ్చిందనే ఫిర్యాదుల్లో పొరపాటు చాలాసార్లు ఒకే చోట ఉంటుంది. రోజు వేతనం సగటు తీసేటప్పుడు భాగించాల్సిన రోజులు వేరు, ఆ సగటును గుణించాల్సిన రోజులు వేరు. భాగించేది పని చేసిన రోజులతో. గుణించేది సెలవులో ఉన్న మొత్తం రోజులతో, ఆదివారాలు కలుపుకుని. ఈ రెండింటినీ తారుమారు చేస్తే ఒక్కొక్కరికి నలభై, యాభై వేల రూపాయల తేడా వస్తుంది. రోజు కూలి మీదో, పీసు రేటు మీదో పనిచేసేవాళ్లకు దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది.

ముందుగా చట్టం సంగతి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. ప్రసూతి నిబంధనలు అందులో ఆరో అధ్యాయంలో ఉన్నాయి. ఎన్ని వారాల సెలవు, ఎన్ని రోజుల పని అర్హత, సగటు తీసే పద్ధతి దాదాపు పాత చట్టంలో ఉన్నట్టే కొనసాగాయి. మారింది ముఖ్యంగా ఒక్కటి: ‘వేతనం’ అనే మాటకు నిర్వచనం. దాని సంగతి మూడో మెట్టులో చూద్దాం.

మొదటి మెట్టు: డబ్బు ఇవ్వాల్సింది ఎవరో తేల్చుకోండి

మీకు ఈఎస్ఐ కార్డు ఉండి, ప్రతి నెలా జీతంలోంచి చందా కోస్తుంటే డబ్బు ఇవ్వాల్సింది యజమాని కాదు, ఈఎస్ఐ కార్పొరేషన్. ఈఎస్ఐకి జీతం పరిమితి నెలకు 21,000 రూపాయలు. మీ జీతం అది దాటి ఉన్నా, మీ యూనిట్ ఈఎస్ఐ పరిధిలో లేకపోయినా యజమానే ఇవ్వాలి. ఫ్యాక్టరీ, గని, తోట అయితే మనుషుల సంఖ్యతో పని లేదు. దుకాణం, ఆఫీసు, ఆసుపత్రి, బడి లాంటివైతే గడచిన 12 నెలల్లో ఏ ఒక్క రోజైనా పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసి ఉండాలి. ఇప్పుడు తొమ్మిదిమందే ఉన్నారని యజమాని అంటే ఏడాది పాత హాజరు పట్టీ చూడమని అడగండి.

ప్రభుత్వ ఉద్యోగులకు వాళ్ల సర్వీసు నిబంధనల ప్రకారం సెలవు జీతం వస్తుంది, ఈ సగటు లెక్క వాళ్లది కాదు. అయితే ప్రభుత్వ సంస్థల్లో మస్టర్ రోల్ మీద పనిచేసే రోజు కూలీల మాట వేరు. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ మస్టర్ రోల్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 2000లోనే వాళ్లకూ ప్రసూతి ప్రయోజనం వర్తిస్తుందని తేల్చింది. ‘పర్మనెంట్ కాదుగా’ అన్న జవాబు అప్పటినుంచీ చెల్లదు.

రెండో మెట్టు: 80 రోజులు లెక్కపెట్టండి

యజమాని నుంచి డబ్బు రావాలంటే ఒక షరతు ఉంది. డాక్టరు రాసిన కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో ఆ యజమాని దగ్గర కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. ఇక్కడ గమనించాల్సింది, ఈ 12 నెలలు వెనక్కి లెక్కపెట్టేది కాన్పు తేదీ నుంచి. సెలవు మొదలైన తేదీ నుంచి కాదు. కాబట్టి మీ ఆసుపత్రి చీటీ మీద, తల్లీబిడ్డల కార్డు మీద ఆ తేదీ స్పష్టంగా ఉందో లేదో ముందే చూసుకోండి. స్కానింగు తర్వాత తేదీ మారితే కొత్త తేదీతో చీటీ రాయించుకోండి.

పని చేసిన రోజులతోపాటు లేఆఫ్‌లో ఉన్న రోజులు, జనవరి 26, మే 1 లాంటి చట్టప్రకారం జీతంతో ఇచ్చే సెలవులు కూడా ఈ 80లో కలుస్తాయి. రోజు కూలీకి డబ్బురాని ఆదివారాలను మాత్రం ఇందులో కలిపి ధీమాగా ఉండకండి. ప్రొబేషనా, కాంట్రాక్టా, పెళ్లయిందా లేదా అన్నవి షరతులు కావు. పిల్లల సంఖ్య అర్హతను తీసెయ్యదు, వారాలనే తగ్గిస్తుంది. అప్పటికి బతికున్న పిల్లలు ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే 26 వారాలకు బదులు 12 వారాలు. మొదటి కాన్పులో కవలలు పుట్టినవాళ్లకు రెండో కాన్పుకే ఈ 12 వారాల లెక్క వస్తుంది, చాలామంది దీన్ని ఊహించరు.

80 రోజుల లెక్కకు ఒక ఉదాహరణ పట్టుకుందాం, చివరిదాకా ఇదే వాడదాం. ఒక కార్మికురాలు దుస్తులు కుట్టే యూనిట్‌లో పీసు రేటు మీద పనిచేస్తోంది. ఆ యూనిట్‌కు ఈఎస్ఐ లేదు. ఆమె 2026 జనవరి 12న చేరింది. డాక్టరు రాసిన కాన్పు తేదీ జూలై 27. జూన్ 1 నుంచి సెలవు పెట్టింది. జనవరిలో 15 రోజులు, ఫిబ్రవరిలో 21, మార్చిలో 24, ఏప్రిల్‌లో 22, మేలో 18 రోజులు పనిచేసింది. మొత్తం 100. అర్హత వచ్చినట్టే. చేరి ఏడాది కూడా కాలేదని ఎవరైనా అంటే ఆ మాటకు చట్టంలో చోటు లేదు.

మూడో మెట్టు: ఏది వేతనమో వేరు చెయ్యండి

సగటు తియ్యడానికి ముందు ఏ ఏ డబ్బు లెక్కలోకి వస్తుందో తేల్చుకోవాలి. పాత చట్టంలో ఇంటి అద్దె అలవెన్సుతో సహా నగదుగా ఇచ్చే అలవెన్సులు వేతనంలో భాగంగా ఉండేవి. ఓవర్‌టైమ్, మామూలు బోనస్, యజమాని కట్టే పీఎఫ్ వాటా బయట ఉండేవి. కొత్త కోడ్‌లో వేతనానికి పునాది బేసిక్, డీఏ. ఇంటి అద్దె, ప్రయాణ అలవెన్సు, ఓవర్‌టైమ్, కమీషన్ లాంటివి పక్కకు పోతాయి.

అలాగని యజమాని బేసిక్‌ను నామమాత్రంగా పెట్టి మిగతా అంతా అలవెన్సుల్లోకి నెట్టెయ్యకుండా ఒక అడ్డుకట్ట వేశారు. ఇలా పక్కకు పెట్టినవి మొత్తం చెల్లింపులో సగాన్ని దాటితే, దాటినంత మేరా తిరిగి వేతనంలో కలపాలి. రోజుకు 900 రూపాయలు వచ్చే ఒకామెకు బేసిక్, డీఏ కలిపి 600, అద్దె, ప్రయాణం కలిపి 300 అనుకుందాం. పక్కకు పెట్టింది సగం దాటలేదు, వేతనం 600. అదే 900ను బేసిక్ 350, అద్దె, ప్రయాణం 550 అని విడగొడితే సగం 450 కాబట్టి అదనపు 100 వెనక్కి వస్తుంది. అప్పుడు వేతనం 450 అవుతుంది.

అంటే పే స్లిప్‌లో విభజన ఎలా ఉందో ఇప్పుడు నేరుగా ప్రసూతి డబ్బును తాకుతుంది. గర్భం ఖాయమైన వెంటనే మూడు నెలల పే స్లిప్‌లు తీసి దగ్గర పెట్టుకోండి. సెలవుకు కాస్త ముందు విభజన మారినట్టు కనిపిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ఇది కూడా తెలిసి ఉండాలి: చట్టం చెప్పేది కనీసం మాత్రమే. కంపెనీ పాలసీలోనో, నియామక పత్రంలోనో సెలవు కాలానికి పూర్తి జీతం ఇస్తామని రాసి ఉంటే ఆ పత్రాన్ని చూపించి అడగవచ్చు.

మన ఉదాహరణలోని కార్మికురాలికి ఈ చిక్కు లేదు. ఆమె సంపాదన అంతా పీసు రేటే, అలవెన్సులు లేవు.

నాలుగో మెట్టు: సగటు రోజు వేతనం

సెలవు మొదలైన తేదీకి ముందు మూడు క్యాలెండర్ నెలలు తీసుకోవాలి. గుర్తుంచుకోండి, 80 రోజులకు లెక్క కాన్పు తేదీ నుంచి, సగటుకు లెక్క సెలవు తేదీ నుంచి. రెండు కాలాలూ వేరు. సెలవు నెల మధ్యలో మొదలైతే మూడు నెలలు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్న వాదన మొదలవుతుంది. ఒకటో తేదీ నుంచి సెలవు పెట్టగలిగితే ఆ గొడవే ఉండదు. మన కార్మికురాలు జూన్ 1 ఎంచుకోవడంలో ఉన్న సౌకర్యం అదే, ఆమెకు మార్చి, ఏప్రిల్, మే లెక్కలోకి వస్తాయి.

మార్చిలో 24 రోజులకు 21,600, ఏప్రిల్‌లో 22 రోజులకు 18,700, మేలో 18 రోజులకు 14,400 రూపాయలు సంపాదించింది. మూడు నెలల మొత్తం 54,700. పనిచేసిన రోజులు 64. భాగిస్తే రోజుకు 854 రూపాయల 69 పైసలు.

నెలలు నిండేకొద్దీ ఆమె హాజరు తగ్గింది చూడండి. చట్టం రాసినవాళ్లు దీన్ని దృష్టిలో పెట్టుకున్నట్టే ఉంది. జీతం లేకుండా మానేసిన రోజులు పైన డబ్బులోంచీ పోతాయి, కింద రోజుల్లోంచీ పోతాయి. కాబట్టి మానేసినందువల్ల సగటు పడిపోదు. పీసుల సంఖ్య తగ్గితే మాత్రం తగ్గుతుంది, మేలో ఆమెకు రోజుకు 800 మాత్రమే రావడం సగటులో కనిపిస్తుంది.

జీతంతో కూడిన పండగ సెలవు మధ్యలో ఉంటే ఒక జాగ్రత్త. ఆ రోజు డబ్బును పైన కలిపితే ఆ రోజును కింద కూడా కలపాలి, వదిలేస్తే రెండుచోట్లా వదిలెయ్యాలి. ఒకచోట కలిపి ఇంకోచోట మరిస్తే సగటు తప్పుతుంది.

వచ్చిన సగటును మీ పనికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనంతో పోల్చండి. సగటు దానికంటే తక్కువైతే కనీస వేతనమే మీ రోజు రేటు. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా కనీస వేతనం ఒక్కో రంగానికి, ప్రాంతానికి, నైపుణ్యానికి వేరుగా ఉంటుంది. అందులో డీఏ భాగం పెరుగుతూ పోతుంది. పాత జీవో కాగితం కాకుండా సెలవు మొదలైన తేదీకి అమల్లో ఉన్న రేటునే చూడాలి.

నెల జీతం మీద పనిచేసేవాళ్ల లెక్క కాస్త సులువు. నెల జీతంలో ఆదివారాలకు కూడా డబ్బు ఉంది కాబట్టి చాలా ఆఫీసులు సెలవు కాలమంతా నెలనెలా జీతాన్ని అలాగే వేస్తూ పోతాయి. తప్పు జరిగేది ఎక్కడంటే, చివరి మూడు నెలల్లో జీతం లేని సెలవు పెట్టినప్పుడు. తగ్గిన జీతాలను కూడి, 92 రోజులతో భాగించి, అదే మీ సగటు అంటారు. జీతం కోసిన రోజులు పదైతే భాగించాల్సింది 82తో. వేతన కోత పైన ఉన్నప్పుడు రోజుల కోత కింద కూడా ఉండాలి.

ఐదో మెట్టు: 182తో గుణించండి

26 వారాలంటే 182 రోజులు. వారం అంటే ఆరు పనిదినాలా, ఏడు రోజులా అన్న ప్రశ్న 1977లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోయంబత్తూరు లేబర్ కోర్టు నుంచి మొదలైన బి. షా కేసు అది, తోటలో పనిచేసే ఒక మహిళ కోసం. యజమాని ఆదివారాలు తీసేసి డబ్బు కట్టాడు. వారం అంటే ఆదివారంతో సహా ఏడు రోజులు, అన్ని రోజులకూ చెల్లించాలి అని కోర్టు చెప్పింది. ఆదివారం కూలి లేని మనిషికి కూడా ఇదే వర్తిస్తుంది.

854.69ను 182తో గుణించేటప్పుడు పైసలను ముందే గుండ్రం చెయ్యకుండా 54,700 × 182 ÷ 64 అని వెయ్యండి. 1,55,553 రూపాయలు వస్తుంది.

ఇప్పుడు తప్పు లెక్కలు రెండూ పక్కన పెట్టి చూడండి. 54,700ను క్యాలెండర్ రోజులు 92తో భాగిస్తే రోజుకు 594 రూపాయలు చిల్లర, మొత్తం 1,08,211. అసలు రావాల్సినదాంట్లో 47,342 మాయం. సగటు సరిగ్గా తీసి ఆదివారాలు వదిలేసి 156 రోజులకే ఇస్తే 1,33,331, అక్కడ 22,222 పోయాయి. మీ చేతికొచ్చిన మొత్తం తక్కువగా అనిపిస్తే ముందు దాన్ని 182తో భాగించండి. వచ్చిన సంఖ్య మీ మామూలు రోజు సంపాదన కంటే బాగా తక్కువుంటే ఈ రెండింట్లో ఒక తప్పు జరిగిందనే అనుమానించాలి.

ఆరో మెట్టు: డబ్బు రెండు విడతల్లో

కాన్పుకు ముందు గరిష్ఠంగా 8 వారాలు తీసుకోవచ్చు. ఇద్దరు పిల్లలు ఉన్నవాళ్లకు 6 వారాలు. మన కార్మికురాలు జూన్ 1 నుంచి జూలై 26 దాకా సరిగ్గా 56 రోజులు ముందు తీసుకుంది. గర్భం ఉన్నట్టు డాక్టరు ధ్రువపత్రం ఇస్తే ఈ 56 రోజుల డబ్బు, 47,862 రూపాయల 50 పైసలు, యజమాని ముందుగానే ఇవ్వాలి. కాన్పు అయినట్టు కాగితం ఇచ్చిన 48 గంటల్లో మిగతా 126 రోజులది 1,07,691 ఇవ్వాలి. సెలవు నవంబర్ 29తో ముగుస్తుంది, 30న, సోమవారం, పనికి వెళ్లాలి. కాన్పు ముందూ వెనకా అయినా మొత్తం 182 రోజులే.

నోటీసు రాతలో ఇవ్వండి. ఏ తేదీ నుంచి సెలవు, డాక్టరు రాసిన కాన్పు తేదీ, డబ్బు ఎవరి చేతికి లేదా ఏ ఖాతాకు ఇవ్వాలి, ఆ కాలంలో ఇంకెక్కడా పని చెయ్యను, ఇవి నాలుగూ ఉంటే చాలు. ఒక ప్రతిపై అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. నోటీసు ఆలస్యమైనా, ముందే ఇవ్వకపోయినా హక్కు పోదు. కాన్పు తర్వాత కూడా ఇవ్వవచ్చు, ఆలస్యం చెయ్యకుండా.

యజమాని కాన్పుకు ముందూ వెనకా ఉచితంగా వైద్యం ఏర్పాటు చెయ్యకపోతే 3,500 రూపాయల వైద్య బోనస్ విడిగా ఇవ్వాలి. ఇది సగటు లెక్కలో కలవదు, అడక్కపోతే చాలాచోట్ల రాదు. గర్భస్రావమైతే 6 వారాలు, ట్యూబెక్టమీకి 2 వారాలు, గర్భం వల్లో కాన్పు వల్లో జబ్బు చేస్తే అదనంగా నెల దాకా, అన్నీ అదే రోజు రేటు మీద, ఆసుపత్రి రుజువుతో.

ఈఎస్ఐ ఉన్నవాళ్లకు లెక్క ఎక్కడ మారుతుంది

రోజు రేటు అక్కడా పూర్తి సగటు వేతనమే, రోజులు కూడా 182. తేడా కాలంలో ఉంది. ఈఎస్ఐ ఏడాదిని రెండు చందా కాలాలుగా చూస్తుంది: ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒకటి, అక్టోబర్ నుంచి మార్చి దాకా ఇంకొకటి. మొదటిదానికి ప్రయోజన కాలం వచ్చే జనవరి నుంచి జూన్, రెండోదానికి జూలై నుంచి డిసెంబర్. కాన్పు ఏ ప్రయోజన కాలంలో పడుతుందో చూసి, దానికి సంబంధించిన చందా కాలపు వేతనాన్ని, వేతనం వచ్చిన రోజులతో భాగించి సగటు తీస్తారు. అర్హతకు రెండు వరుస చందా కాలాల్లో కలిపి కనీసం 70 రోజులకు చందా జమ కావాల్సి ఉండాలి. జూలై 27 కాన్పు అయితే 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా చందా చూస్తారు.

కొత్తగా చేరినవాళ్లకు ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ఈఎస్ఐలో మొదటిసారి చేరిన మనిషికి ప్రయోజన కాలం చేరిన తేదీ నుంచి తొమ్మిది నెలలు నిండాకే మొదలవుతుంది. జనవరి 12న తొలిసారి చేరినామెకు అది అక్టోబర్ 12. జూలై కాన్పుకు డబ్బు రాదు. అంతకుముందు ఇంకోచోట పనిచేసి ఈఎస్ఐ నంబరు ఉన్నామెకు మాత్రం పాత చందా కలిసొస్తుంది. అందుకే ఉద్యోగం మారినప్పుడు పాత బీమా నంబరే కొత్త యజమానికి ఇవ్వాలి. తెలియక కొత్త నంబరు తీసుకుని ఉంటే, పాత దానితో కలపమని కాన్పుకు ముందే బ్రాంచి ఆఫీసులో అర్జీ పెట్టండి. కాన్పు అయ్యాక ఆ పని నెలలు పడుతుంది.

డబ్బు ఇవ్వకపోతే

మొదట యజమానికి రాతపూర్వకంగా లెక్క అడగండి: మూడు నెలల మొత్తం ఎంత, భాగించిన రోజులు ఎన్ని, గుణించిన రోజులు ఎన్ని. ఈ మూడు సంఖ్యలు చేతికొస్తే తప్పు ఎక్కడుందో కనబడుతుంది. దిద్దకపోతే మీ పక్క నుంచి అదే లెక్క వేసి, హాజరు, పే స్లిప్‌లు, బ్యాంకు పాసుపుస్తకం నకళ్లతో కార్మిక శాఖలో ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు ఇవ్వండి. కొత్త కోడ్‌లో వాళ్లను ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ అంటారు. డబ్బు కట్టమని ఆదేశించే అధికారం వాళ్లకుంది. ఆ నిర్ణయం మీకు నచ్చకపోతే తెలిపిన రోజు నుంచి 30 రోజుల్లో అప్పీలు చెయ్యాలి.

హాజరు కాగితాలు యజమాని దగ్గరే ఉండి, ఇవ్వనంటే ఫోన్‌లో తీసుకున్న హాజరు పట్టీ ఫోటోలు, పీసుల చిట్టా, తోటి పనివాళ్ల మాట పనికొస్తాయి. పీసు రేటు మీద పనిచేసేవాళ్లు సెలవుకు ముందు మూడు నెలలు రోజువారీ పీసుల సంఖ్య ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకోవడం మంచిది. ఆ మూడు నెలల లెక్క మీదే 182 రోజుల డబ్బు నిలుస్తుంది.

కాంట్రాక్టు గడువు సెలవు మధ్యలో ముగిసిందని డబ్బు ఆపితే, కవితా యాదవ్ కేసులో 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపించండి. అర్హత ఉన్న మనిషికి కాంట్రాక్టు కాలం దాటినా ప్రసూతి ప్రయోజనం పూర్తిగా ఇవ్వాలని అందులో చెప్పారు. సెలవులో ఉండగా పనిలోంచి తీసెయ్యడం కూడా చెల్లదు. తీసేసినా ఆ డబ్బు రావాల్సిందే.